మర్చిపోయాడా, అసలు రానే లేదా? అమెరికా పిల్లల తెలుగులో ఏది ఏదో తేల్చడం ఎలా

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. బాబు గుంటూరులో పుట్టాడు, ఆరేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చాం, ఇప్పుడు పదిహేను. పాప ఇక్కడే పుట్టింది, ఎనిమిదేళ్ళు. ఇద్దరూ తెలుగు అర్థం చేసుకుంటారు, మాట్లాడితే మాత్రం ఇంచుమించు ఒకేలా తప్పులు. "నేను ఆకలిగా ఉన్నాను" అంటారు. మా అమ్మ "వచ్చిన తెలుగు మర్చిపోయారే" అంటుంది. మావారు "అసలు వస్తే కదా మర్చిపోవడానికి" అంటారు. ఏది నిజం? ఎలా తెలుసుకోవాలి?

జవాబు:

మీ అమ్మగారు, మీవారు ఇద్దరూ కరెక్టే అయ్యే అవకాశం ఎక్కువ. అదీ ఒకే పిల్లలో. ఈ ప్రశ్నని పిల్లవాడి మొత్తం తెలుగు గురించి అడిగితే జవాబు దొరకదు. ఒక్కో వ్యాకరణ ముక్క గురించి విడిగా అడగాలి. ఒక ముక్క నాలుగేళ్ళకే వచ్చి ఎనిమిదేళ్ళకి జారిపోయి ఉంటుంది, దాని పక్కనే ఇంకోటి ఎప్పుడూ మొలకెత్తి ఉండదు. ఇవాళ వినేవాళ్ళకి రెండూ ఒకేలాంటి తప్పులు.

నేను హైదరాబాద్‌లో భాషాశాస్త్రం చదివి, పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ రెండు భాషల పిల్లలతో పని చేస్తున్నాను. మొదట్లో నేనూ మీ ఇంట్లోవాళ్ళలాగే తీర్పులు చెప్పేవాణ్ణి. ఒక కుటుంబం విషయంలో తప్పు తీర్పు చెప్పి, తర్వాత సిగ్గుపడి, పద్ధతి మార్చుకున్నాను. ఆ కథ కిందికి వస్తుంది.

ఈ రంగంలో వాళ్ళు రెండు మాటలు వాడతారు. పిల్లకి ఒక నిర్మాణం పూర్తిగా రాకముందే ఇంగ్లీషు వచ్చి మీద కూర్చుంటే, అది సగంలో ఆగిపోతుంది. దాన్ని ఇన్‌కంప్లీట్ అక్విజిషన్ అంటారు. వచ్చాక, వాడకం తగ్గి పోతే అట్రిషన్. సిల్వినా మాంట్రుల్ అమెరికాలోని స్పానిష్ పిల్లల మీద చేసిన పనితో మొదటి మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. "అసంపూర్ణం" అనే మాటే తప్పు, వాళ్ళది వేరే రకం పూర్తి భాష అని అభ్యంతరం చెప్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. కానీ ఇంట్లో కూర్చున్న తల్లికి ఆ పేచీతో పని లేదు. ఇవాళ లేనిది నిన్న ఉందా లేదా, అంతవరకే మీకు కావాలి.

అసలు చిక్కు ఏంటంటే, ఇవాళ్టి తప్పుని ఎంత సేపు చూసినా అది నిన్నటి సంగతి చెప్పదు. ఖాళీ గిన్నె చూసి అన్నం తిన్నారో, అసలు వండలేదో ఎలా చెప్తాం? చాలాకాలం పరిశోధకులు చేసింది మాత్రం అదే. ఇరవై ఏళ్ళ యూనివర్సిటీ పిల్లల్ని పిలిచి, పరీక్ష పెట్టి, తప్పులు లెక్కేసి, "వీళ్ళకి చిన్నప్పుడు పూర్తిగా రాలేదు" అని రాసేవారు. చిన్నప్పుడు వాళ్ళని ఎవరూ చూడలేదు.

దీన్ని కాస్త తెలివిగా దాటినావిడ మరియా పొలిన్‌స్కీ. 2011లో అచ్చయిన ఆమె పని అమెరికాలోని రష్యన్ కుటుంబాల మీద. ఆమె అలాంటి ఇళ్ళలో రష్యన్ వింటూ పెరిగి పెద్దయినవాళ్ళని మాత్రమే చూసి ఊరుకోలేదు. అమెరికాలోనే రష్యన్ ఇళ్ళలో పెరుగుతున్న ఆరేళ్ళ వయసు పిల్లల్నీ, రష్యన్ ఒక్కటే వచ్చిన పిల్లల్నీ, పెద్దల్నీ కూడా అదే పరీక్షకి కూర్చోబెట్టింది. మన తెలుగులో చెప్పాలంటే "పిల్లిని తరిమిన కుక్క", "పిల్లి తరిమిన కుక్క" లాంటి వాక్యాలు వినిపించి, సరైన బొమ్మ చూపించమంది. అమెరికా రష్యన్ చిన్నపిల్లలు బాగానే చేశారు, రష్యన్ ఒక్కటే వచ్చినవాళ్ళకి తీసిపోలేదు. అమెరికాలో పెరిగి పెద్దయినవాళ్ళు మాత్రం "పిల్లి తరిమిన కుక్క" రకం వాక్యాల దగ్గర బోల్తా పడ్డారు. చిన్నపిల్లలకి ఉన్న జ్ఞానం పెద్దవాళ్ళ దగ్గర లేదంటే, మధ్యలో ఎక్కడో జారింది. ఈ ముక్క వరకు అది అట్రిషనే అని ఆమె తేల్చింది.

ఇందులో ఒక సందు ఉంది, ఆమె పద్ధతి వాడేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఆ చిన్నపిల్లలూ ఆ పెద్దవాళ్ళూ వేర్వేరు మనుషులు. ఇరవై ఏళ్ళ క్రితం ఆ పెద్దవాళ్ళ ఇంట్లో వినపడిన రష్యన్, ఇప్పటి పిల్లల ఇంట్లో వినపడే రష్యన్ ఒకటే అని మనం నమ్ముకోవాలి. ఒకే పిల్లని ఏళ్ళ తరబడి చూస్తే ఆ సందు మూసుకుపోతుంది. రాకెల్ ఆండర్సన్ అలాంటిదే చేసింది. ప్యూర్టో రికో నుంచి అమెరికా వచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్ళ స్పానిష్‌ని దాదాపు రెండేళ్ళు రికార్డు చేసింది. స్పానిష్‌లో నామవాచకం లింగాన్ని బట్టి దాని ముందూ వెనకా మాటలు మారతాయి. ఆ పొంతనలో తప్పులు చెల్లెలికి బాగా పెరిగాయి, అక్కకి కొద్దిగానే. ఇంట్లో తల్లిదండ్రులు వాళ్ళే, భాష అదే. ఇంగ్లీషు ఏ వయసులో వచ్చి పడిందన్నది మాత్రం ఇద్దరికీ వేరు.

మీ ఇంట్లో కూడా దాదాపు అదే అమరిక ఉంది, ఒకరు ఆరేళ్ళకి వచ్చినవాడు, ఒకరు ఇక్కడే పుట్టింది. పైగా ఆండర్సన్ పనిగట్టుకుని రికార్డు చేయాల్సి వచ్చింది, మీకు ఫోన్ నిండా వీడియోలున్నాయి. పాత వీడియోలే మీ సాక్ష్యం.

ఇప్పుడు నేను తప్పు చెప్పిన కుటుంబం. తెనాలి వైపు వాళ్ళు, న్యూజెర్సీలో స్థిరపడ్డారు. అబ్బాయి అయిదున్నరేళ్ళకి వచ్చాడు, నేను చూసేసరికి పద్నాలుగేళ్ళు. చెల్లెలు ఇక్కడే పుట్టింది, రెండున్నరేళ్ళకి డేకేర్‌లో వేశారు, నేను చూసినప్పుడు ఎనిమిదేళ్ళు. గంటసేపు మాట్లాడి, "అబ్బాయికి వచ్చి పోయింది, అమ్మాయికి అసలు రాలేదు" అని కాగితం మీద రాసిచ్చేశాను. చక్కగా ఉంది కదా వినడానికి. రెండు వారాల తర్వాత వాళ్ళమ్మ పాత ఫోన్ చార్జింగ్ పెట్టి, పాప నాలుగేళ్ళప్పటి వీడియో పంపింది. తాతయ్య ఇండియా నుంచి వచ్చి ఉన్నప్పటిది. పాప, వాళ్ళన్న దుప్పట్లతో గుడారం కట్టుకుని లోపల దూరారు. తాతయ్య వంగి లోపలికి రాబోతుంటే పాప చెయ్యడ్డం పెట్టి, "నువ్వు రావద్దు, మేము ఆడుకుంటాం" అంది.

ఆ "మేము" విని నేను కాగితం చింపేసుకున్నాను. ఎందుకంటే అంతకు రెండు వారాల ముందు అదే పాప నాతో "మనం స్ప్రింగ్ బ్రేక్‌లో బీచ్‌కి వెళ్ళాం" అంది. నేను వాళ్ళతో బీచ్‌కి వెళ్ళలేదు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. ఎనిమిదేళ్ళకి పాప దగ్గర "మనం" ఒక్కటే మిగిలింది. ఇప్పటి పాపని మాత్రమే చూసి నేను ఇది ఎప్పుడూ లేదనుకున్నాను. నాలుగేళ్ళప్పుడు ఉంది, అదీ తాతయ్యని బయటికి నెట్టేంత కచ్చితంగా. ఒక్క వీడియో మీద పడిపోకూడదని మిగతావీ అడిగాను. ఆ ఏడాదివే ఇంకో నాలుగు చోట్ల "మేము" సరిగ్గా వాడింది, "మనం" కూడా సరిగ్గానే వాడింది. ఏదో విన్న వాక్యాన్ని చిలకలా అప్పజెప్పలేదన్నమాట.

అదే పాప దగ్గర రెండో ముక్క చూడండి. "నాకు జ్యూస్ కావాలి" మూడేళ్ళ నుంచీ తడుముకోకుండా అంటుంది. వాళ్ళమ్మ దాన్ని చూపించి "ఇది వచ్చు కదండీ, నేను జ్యూస్ కావాలి అనదుగా" అంది. నిజమే. కానీ "నాకు కావాలి" అనేది పిల్లలకి ఒకే ముద్దగా, ఒకే మాటలా వచ్చేస్తుంది. లోపల "కి/కు" అనే ప్రత్యయం ఉందని తెలిసిందా లేదా చూడాలంటే మనిషిని మార్చాలి. వాళ్ళన్నకి కూడా గ్లాసు ఇచ్చి, "నాన్నకి చెప్పు, అన్నకి ఇంకా కావాలేమో" అన్నాను. పాప పరిగెత్తి, "నాన్నా, అన్న కావాలి" అంది. అన్నని పిలవమంటోందనుకుని వాళ్ళ నాన్న "అక్కడే ఉన్నాడుగా" అన్నాడు. పాత వీడియోలన్నీ వెతికితే, మూడున్నరేళ్ళప్పుడూ "తాత కావాలి" అనే ఉంది, తాతకి కాఫీ కావాలన్న అర్థంలో. నాలుగున్నరకీ అంతే. "నాకు", "నీకు" తప్ప ఇంకెవరి పేరుకీ ఈ "కి" తగిలించిన దాఖలా ఒక్కటీ దొరకలేదు. మన ఊళ్ళో మూడేళ్ళ పిల్ల "అన్నకి కావాలంట" అని రాయబారం నడిపేస్తుంది. ఈ పాపకి ఆ ముక్క ఎప్పుడూ కుదురుకోలేదు.

చూశారా, ఒకే పిల్ల. మేము వచ్చి పోయింది, "అన్నకి కావాలి" రానే లేదు.

ఎందుకిలా అంటే, నా అనుభవంలో కారణం చాలావరకు ఇంటి పరిమాణంలోనే ఉంది. వాళ్ళ భోజనాల బల్ల దగ్గర ఫోన్ పెట్టి, అరగంట చొప్పున మూడు రాత్రులు రికార్డు చేయించాను. తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడినదంతా నువ్వు-నేను మాటలే. "నీకు పెరుగు కావాలా?" "నాకు ఓపిక లేదు." మూడో మనిషికి ఏం కావాలో, ఎవరికి భయమేసిందో, ఎవరికి జ్వరమొచ్చిందో తెలుగులో చెప్పుకున్న వాక్యాలు మూడు రాత్రుల్లో రెండే. మిగతావి తల్లీతండ్రీ తమలో తాము ఇంగ్లీషులోనే అనుకున్నారు. ఉమ్మడి ఇంట్లో పిల్లలు వినేది అత్తకి ఇది, బాబాయికి అది, పాలవాడికి డబ్బులు. అది వీళ్ళకి లేదు. "మేము" సంగతీ అంతే. ఆ మాట పుట్టాలంటే గుంపు బయట ఒక మనిషి ఉండాలి. నలుగురే ఉన్న ఇంట్లో నలుగురూ లోపలివాళ్ళే, అంతా మనమే. బడిలో జరిగింది అమ్మకి చెప్పేటప్పుడు "మేము" రావాలి, కానీ బడి కబుర్లు ఇంగ్లీషులో నడుస్తాయి. తాతయ్య ఉన్న అయిదు నెలలు అది బతికింది, ఆయన వెళ్ళాక పని లేక పోయింది. ఇది నా ఊహే, కానీ రికార్డింగుల్లో లెక్కపెట్టుకున్నాక చేసిన ఊహ.

ఇంకా అన్న మిగిలాడు. పొలిన్‌స్కీ పరీక్షని తెలుగులోకి దించి అతనికి పెట్టాను. మీరూ పెట్టుకోవచ్చు, ఒక సాయంత్రం పని. అయిదు జతల జంతువులు కావాలి: కుక్క-పిల్లి తరమడం, ఆవు-మేక నెట్టడం, కోతి-ఏనుగు లాగడం, కోడి-బాతు పొడవడం, కుందేలు-తాబేలు మోయడం. ఒక్కో జతకి రెండు బొమ్మలు గీయాలి, ఒకదాంట్లో కుక్క పిల్లిని తరుముతుంది, రెండోదాంట్లో పిల్లి కుక్కని తరుముతుంది. బొమ్మలు పిచ్చిగా ఉన్నా ఫర్వాలేదు. రెండూ ముందు పెట్టి, "కుక్క తరిమిన పిల్లిని చూపించు" అనాలి. ఇంకోసారి, మధ్యలో వేరే జతలు పోయాక, "కుక్కను తరిమిన పిల్లిని చూపించు" అనాలి. రెండు వాక్యాలకీ తేడా ఆ ఒక్క "ను". మాటల వరస కూడా ఒకటే.

జంతువులే ఎందుకంటే, రెండువైపులా పని జరగగలగాలి. "పాప తిన్న అరటిపండు" అంటే వ్యాకరణం రాకపోయినా అర్థమైపోతుంది, పండు పాపని తినదు కాబట్టి. పైగా తెలుగులో ప్రాణం లేనివాటికి "ను" వదిలేయడం మామూలే, "పుస్తకం చదివాడు" అంటాం. ప్రాణులకి వదలం. అందుకని ఈ పరీక్షలో "ను" లేకపోతే ఆ జంతువే కర్త.

మార్కులు కలిపి వేయొద్దు, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. ఆ అబ్బాయికి పదికి ఆరు వచ్చాయి. సగం వచ్చు, సగం రాదు అనిపిస్తుంది. విడదీసి చూస్తే "కుక్క తరిమిన పిల్లి" రకంలో అయిదుకి అయిదు, "కుక్కను తరిమిన పిల్లి" రకంలో అయిదుకి ఒకటి. అంటే వాడు సగం తెలిసి చేయలేదు. ఏ వాక్యమైనా మొదట వినపడిన జంతువే పని చేసిందనుకుంటున్నాడు, "ను" చెవికెక్కట్లేదు. ఇంగ్లీషు వాక్యాన్ని అలాగే చదవాలి కదా, మొదటి పేరు, క్రియ, రెండో పేరు. రష్యన్ పెద్దలకి కష్టమైనది పిల్లి తరిమిన కుక్క రకం, మనవాడికి దాని తిరగబడ్డ రకం. మన మాటల వరస అలాంటిది. అందుకే వాళ్ళ ఫలితాన్ని ఎత్తుకొచ్చి తెలుగు పిల్లలకీ ఇదే కష్టం అని చెప్పేయకూడదు. గుడ్డిగా వేలు పెట్టినా పదికి ఎనిమిదో అంతకన్నా ఎక్కువో వచ్చే అవకాశం నూటికి అయిదారు సార్లు ఉంటుంది, కాబట్టి ఒక్కరోజు మార్కుల మీద ఇల్లు కట్టొద్దు, వారం ఆగి బొమ్మల వరస మార్చి మళ్ళీ పెట్టండి.

మరి ఇది వాడికి ఎప్పుడైనా వచ్చా? అయిదేళ్ళప్పుడు తెనాలి ఇంటి వరండాలో తీసిన మూడు నిమిషాల వీడియో ఉంది. గేదె తాడు తెంపుకుని పక్కింట్లో దూరిన కథ, చేతులు ఊపుతూ చెప్తున్నాడు. అందులో "మా గేదెని తోలుకొచ్చిన తాత", "అది తొక్కేసిన కుండ", "నాకు భయమేసింది" అన్నీ ఉన్నాయి. పద్నాలుగేళ్ళకి అదే కథ మళ్ళీ చెప్పమన్నాను. "ఒక తాత ఉన్నాడు, హీ... ఆయన గేదె తెచ్చాడు. నేను స్కేర్డ్ అయ్యాను." కథ గుర్తుంది, తాత గుర్తున్నాడు. "తోలుకొచ్చిన తాత" అనే కట్టుబడి విడిపోయి రెండు పొట్టి వాక్యాలైంది, "నాకు భయమేయడం" "నేను అవ్వడం" అయింది. ఇది పోవడమే.

అయితే పోయింది అన్నప్పుడు కూడా ఇంకో మెట్టు ఉంది. తెలిసినా ఆ క్షణానికి అందకపోవడం వేరు, లోపల లేకపోవడం వేరు. దీనికి నేను చేసేది చిన్న పని. అదే బొమ్మల పరీక్షని నిదానంగా, "కుక్కనూ..." అని సాగదీసి మళ్ళీ పెడతాను. అబ్బాయికి ఒకటి కాస్తా మూడైంది. పూర్తిగా తుడిచిపెట్టుకుపోతే సాగదీసినా లాభం ఉండకూడదు. మూడు అంటే అదృష్టం కూడా అయ్యుండొచ్చు, అందుకే దాన్ని అక్కడ వదిలి నానమ్మ రాక కోసం ఆగాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఆర్నెల్లు ఉండటానికి వచ్చింది.

రెండో నెలకి అబ్బాయి బొమ్మల పరీక్షలో "కుక్కను తరిమిన పిల్లి" రకంలో అయిదుకి నాలుగు. ఎవరూ నేర్పలేదు. మాటల్లో "నానమ్మ చేసిన పప్పు" లాంటివి వచ్చాయి, అవీ తప్పుల్లేకుండా, వస్తే ఒక్కసారే. పాప దగ్గర "మేము" కూడా అలాగే, మూడో వారానికే, సరిగ్గా. "అన్నకి కావాలి" మాత్రం రెండో నెల దాకా కదల్లేదు. తర్వాత వచ్చింది, వచ్చిన తీరు చూడండి. "అన్నకి కావాలి" మొదలైన వారంలోనే "అన్నకి ఏడుస్తున్నాడు", "నానమ్మకి నవ్వింది" అని కూడా మొదలుపెట్టింది. మనసుకి సంబంధించిందల్లా "కి" పుచ్చుకుంటుందని సూత్రం కట్టేసుకుని, అతిగా వాడేసింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు అది. పోయినది తిరిగొచ్చేటప్పుడు సాధారణంగా ఇలా తడబడుతూ రాదు. వాళ్ళమ్మ టెన్షన్ పడి ఫోన్ చేసింది, కొత్త తప్పులు మొదలయ్యాయని. నేను సంతోషించాను.

ఒక్క ఇంటి కథతో సిద్ధాంతం కట్టకూడదని నాకు తెలుసు. తిరిగొచ్చిన వేగం కూడా పక్కా సాక్ష్యం కాదు, పద్నాలుగేళ్ళవాడు ఎనిమిదేళ్ళ పాప కన్నా దేన్నైనా త్వరగానే నేర్చుకుంటాడు. కానీ ఒకే పాపలో రెండు ముక్కలు రెండు వేగాల్లో వచ్చాయి, వయసు ఒక్కటే కారణమైతే అలా జరగదు. అదీగాక పాత వీడియోలు ముందే అదే మాట చెప్పాయి.

మూడో రకం ఒకటుంది, దాన్ని మర్చిపోతే అనవసరంగా బాధపడతారు. పిల్లలకి రాని ముక్క మీ ఇంట్లో అసలు లేనిది అయ్యుండొచ్చు. యాక్రిసియో పిరెస్, జేసన్ రాత్‌మన్ అనే ఇద్దరు పోర్చుగీస్ మీద 2009లో ఇది చూపించారు. క్రియకి కర్తని బట్టి తోకలు తగిలించే ఒక నిర్మాణం అమెరికాలోని బ్రెజిల్ పిల్లలకి రాలేదు, పోర్చుగల్ కుటుంబాల పిల్లలకి వచ్చింది. కారణం, బ్రెజిల్‌లో మామూలు మాటల్లో అది ఎప్పుడో పోయింది, అక్కడి పిల్లలు బడి పుస్తకాల్లో నేర్చుకుంటారు. అమెరికా పిల్లలు ఆ బడికి వెళ్ళలేదు. అది మరపు కాదు, సగంలో ఆగడమూ కాదు. మనకీ ఇలాంటివున్నాయి. "నిర్ణయించబడింది" మీ బాబుకి అర్థం కాకపోతే ఏమీ అనుకోకండి, మీరు ఇంట్లో ఎన్నడైనా అలా అన్నారా? గుంటూరు పిల్లలు దాన్ని పేపర్లోనో పాఠంలోనో చూస్తారు. "తాతయ్య వచ్చాడు" అన్నాడని కొందరు తల్లులు నా దగ్గరికి వస్తారు. చాలా ఇళ్ళలో తాతని అలాగే అంటారు, వాళ్ళూ అలాగే అంటూంటారు, రికార్డింగులో నేనే వినిపిస్తాను. "జంప్ చేశాను" కూడా అంతే, అది మీరు నేర్పిన వ్యాకరణం, చక్కగా వచ్చింది.

మీ బాబు ఆరేళ్ళకి వచ్చాడు కాబట్టి వాడి విషయంలో "వచ్చి పోయింది" వైపే మొగ్గు ఎక్కువ, కానీ అది మొగ్గే. ఆరేళ్ళకి అన్నీ వచ్చేసి ఉండవు. "వచ్చి ఉంటే బాగుండేది" లాంటి పొడుగు కట్టుబడులు బడి వయసులో గట్టిపడతాయి, అవి సగంలో ఆగి ఉండొచ్చు. ఎంత చిన్నప్పుడు వస్తే అంత పోతుంది. మూడేళ్ళకీ ఎనిమిదేళ్ళకీ మధ్య ఫ్రాన్స్‌కి దత్తత వెళ్ళిన కొరియా పిల్లలు పెద్దయ్యాక కొరియన్ వాక్యాల్ని గుర్తుపట్టలేకపోయారని క్రిస్టోఫ్ పాలియే బృందం 2003లో చూపింది, మెదడు స్కాన్‌లో కూడా కొరియన్‌కీ ఎప్పుడూ వినని భాషలకీ తేడా కనపడలేదు. వాళ్ళకి కొరియన్ పూర్తిగా తెగిపోయింది, మీ ఇంట్లో తెగలేదు. పన్నెండు దాటాక వచ్చినవాళ్ళకి మాటలు తడబడతాయేమో గానీ వ్యాకరణం పెద్దగా కదలదు.

ఇక "నేను ఆకలిగా ఉన్నాను". దీన్ని మీ ఇద్దరి పిల్లల్లో విడివిడిగా తేల్చాలి. బాబు గుంటూరు వీడియోల్లో "నాకు ఆకలేస్తోంది", "నాకు నిద్రొస్తోంది" వెతకండి. దొరికితే సగం పని అయింది. పాపకి "నాకు" వదిలేసి, "అన్నకి", "అమ్మమ్మకి" పెట్టి చూడండి, బొమ్మలో జ్వరమొచ్చిన కోతిని చూపించి "కోతికి ఏమైంది" అని కాకుండా "ఏమైంది" అని మాత్రమే అడగండి. మీ ప్రశ్నలోనే "కి" ఉంటే అది తీసుకుని మీకే తిరిగిస్తుంది. వీడియోలో ఒక నిర్మాణం కనపడకపోతే అది లేదని కాదు, ఆ మూడు నిమిషాల్లో అవసరం పడలేదేమో. అవసరం పడ్డ చోట ఏమందో అదే లెక్క. రెండు ముక్కలు ఎంచుకోండి చాలు, పది కాదు.

ఒక్క హెచ్చరిక. ఇంగ్లీషులో కూడా వాక్యాలు తేలిపోతున్నాయని, కథ చెప్పలేకపోతున్నాడని స్కూల్ అంటే, అది ఈ లెక్కలోకి రాదు. రెండు భాషల్లోనూ ఇబ్బంది ఉంటే స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించాలి, చూపించేటప్పుడు తెలుగు వీడియోలు కూడా పట్టుకెళ్ళాలి.

మీ అమ్మగారు మీ దగ్గరే ఉంటే, పిల్లలు ఆవిడతో మాట్లాడేదే రికార్డు చేయండి, మీతో కాదు. మీకు ఇంగ్లీషు వచ్చని వాళ్ళకి తెలుసు. ఫోన్ మధ్యాహ్నమే ఆ గదిలో పెట్టేసి వెళ్ళిపోండి. మొదటి పది నిమిషాలు పారేయండి, ఫోన్ ఉందని అప్పటికింకా గుర్తుంటుంది.